రాత్రికి ఒకటి వేసుకోవాలి

తెలుగులో 'వేసుకో' అనే మాట చేయని పని లేదు. చొక్కా వేసుకుంటాం, తలుపు వేసుకుంటాం, కంట్లో చుక్కలు వేసుకుంటాం, తలనొప్పి వస్తే బిళ్ళ వేసుకుంటాం. పొద్దుగూకాక కొందరు మగాళ్ళు వేసుకునేదాన్ని కూడా మందనే అంటాం. ఇంత లోకాన్ని ఒక్క మాటతో నెట్టుకొస్తున్నాం కదా అని నేను చాలాకాలం మురిసిపోయాను. ఆ మాటే ఒక ఆడమనిషి కడుపు మీదికి తెస్తుందని దర్శి వెళ్ళేదాకా నాకు తెలియదు.

దర్శికి నేను వెళ్ళింది మందుల షాపులో పనికి. మాది నల్లపాడు. దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. నాన్న పట్టుబట్టి గుంటూరులో ఫార్మసీ డిప్లొమా చదివించాడు. తర్వాత పెళ్ళి చేశాడు. పిల్లలు పుట్టలేదని రెండేళ్ళకే ఆ మనిషి నన్ను పుట్టింటి దగ్గర దింపి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళాడు. ఏ సాయంత్రమో చెప్పలేదు. కొన్నాళ్ళకు మరో పెళ్ళి చేసుకున్నాడని కబురొచ్చింది. ఈలోపు నాన్న పోయాడు. అన్నదమ్ముల ఇళ్ళలో నాకు అన్నం పెట్టారు గానీ, తిన్నావా అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు.

ఆ రోజుల్లో మందుల షాపు పెట్టాలంటే ఫార్మసిస్టు సర్టిఫికెట్ కావాలి గానీ, ఫార్మసిస్టు అక్కర్లేదు. దర్శి బస్టాండు ఎదురుగా ఉన్న షాపు యజమాని నాతో ఆ మాటే అన్నాడు. "సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తానమ్మా, నువ్వు హాయిగా ఇంట్లో కూర్చో" అన్నాడు. కూర్చోవడానికి నాకు ఇల్లు లేదు, వచ్చి షాపులోనే కూర్చుంటానన్నాను. ఆయనకు ఏం చెయ్యాలో తోచలేదు. ఒక స్టూలు చూపించాడు. అలా గోడ మీద నా సర్టిఫికెట్, దాని కింద నేను.

ఆయన చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళుగా మందులు అమ్మినవాడు, చదువు లేకుండానే డాక్టర్ల కోడిగీతలు చదివేవాడు. మందు పేరుకు ముందు ఉండే చిన్న మాటను ఆయన నోటితో కాక చేత్తో చెప్పేవాడు. Tab అని ఉంటే చెయ్యి నోటి దగ్గరికి తీసుకెళ్ళేవాడు. Cap అయినా అంతే, కాకపోతే అది గొట్టం బిళ్ళ. Syp అంటే సీసా మందు, బొటనవేలు ఎత్తి గొంతులోకి వంచేవాడు. Oint అంటే మోచేతి మీద రుద్దుకునేవాడు. Inj అంటే సూది, తన నడుం కింద తానే తట్టుకునేవాడు. Topical అని గానీ L/A అని గానీ కనిపిస్తే పైపూతకే, లోపలికి పోకూడదని వేలు ఆడించేవాడు. బస్సు కోసం నిలబడ్డ జనానికి అదొక కాలక్షేపం.

జనానికి ఈ మాటల్లో గౌరవం ఉన్నది Inj ఒక్కదానికే. సూది లేని చీటీ వాళ్ళ లెక్కలో చీటీయే కాదు. "బిళ్ళలే రాశాడా, సూది రాయలేదా?" అని మొహం వేలాడేసుకునేవాళ్ళు. ఇక పిల్లలకు రాసే సీసాల్లో కొన్ని పొడిగా వస్తాయి. కాచి చల్లార్చిన నీళ్ళు సీసా మీది గీత దాకా పోసి, బాగా కుదిపి పట్టాలి. ఒకామె ఆ పొడిని పంచదారలాగా చెంచాతో బిడ్డ నోట్లో వేసి, దగ్గొస్తోందని మళ్ళీ మా దగ్గరికే వచ్చింది. అప్పటినుంచి పొడి సీసా ఏదొచ్చినా నేనే నీళ్ళు పోసి ఇచ్చేదాన్ని. మా యజమాని నన్ను పంతులమ్మ అని ఎగతాళి చేసేవాడు. చేస్తే చెయ్యనీ అనుకునేదాన్ని.

నేను అద్దెకున్న గది ఒక పత్తి వ్యాపారి గోడౌను పక్కన ఉండేది. ఇంటావిడ మంచిదే గానీ, మొగుడు వదిలేసిన దాన్ని పేరంటానికి పిలవాలో మానాలో తేలక, చూడనట్టు వెళ్ళిపోయేది. రోజంతా వందలమందితో మాట్లాడేదాన్ని. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తిన్నాక, తినకముందు. గదికి వచ్చాక చూసుకుంటే నేను ఆ రోజు అంతకుమించి ఒక్క మాటా మాట్లాడి ఉండేదాన్ని కాదు. ఆదివారాలు మరీ దారుణం. పండగ రోజు కూడా షాపు తెరిస్తే బాగుండునని అనుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అలాంటి రోజుల్లో ఆమె వచ్చింది. మొదట మొగుడితో వచ్చేది. అతను కౌంటరు దగ్గర చీటీ పెట్టేవాడు, ఆమె కొంగు కప్పుకుని బస్టాండు వైపు తిరిగి నిలబడేది. పక్క ఊళ్ళో మిరప, కొంచెం పత్తి వేసే సంసారం. ఆ చీటీలు మా యజమానే తీసుకునేవాడు. ఆడవాళ్ళ చీటీ అయినా, మగవాడు తెస్తే మగవాడే ఇవ్వాలని ఆయన లెక్క.

తర్వాత మిరపకోతలు మొదలై మొగుడికి తీరిక లేక, ఆమె ఒక్కతే రాసాగింది. ఆసుపత్రికో సంతకో దర్శి వచ్చి, మధ్యాహ్నం మా యజమాని భోజనానికి వెళ్ళిన వేళ చూసి షాపుకు వచ్చేది; తన బిళ్ళలు మొగుడు ముందే కొనిపెట్టినవి ఉండటంతో చీటీ నాకు చూపించే పని పడలేదు. అక్కా అని పిలిచింది. ఆ ఊళ్ళో నన్ను అందరూ అమ్మాయ్ అనో, మేడమ్ అనో, అసలు ఏమీ అనకుండానో పిలిచేవాళ్ళు. అక్కా అనగానే నేను స్టూలు ఆమెకిచ్చి నిలబడ్డాను. ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ పిలుపుకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమెకు ముప్పై కూడా ఉండవు. ఒక ఆడపిల్ల, బడికి వెళ్తోంది. వచ్చినప్పుడల్లా కొంగున కట్టి జామకాయలో, రేగుపళ్ళో తెచ్చేది. మేం మాట్లాడుకున్నవి పెద్ద విషయాలేం కావు. వాళ్ళ అత్త గురక, మా ఇంటావిడ చూపు, మిరపకాయ ముట్టిన చేత్తో కళ్ళు నులుముకున్న మరిది. ఆమె మనుషులను అనుకరిస్తుంటే నేను నవ్వాపుకోలేక మందుల అరల వెనక్కి వెళ్ళేదాన్ని. ఆమె రాని రోజుల్లో బస్సు ఆగినప్పుడల్లా తలెత్తి చూసేదాన్ని.

ఆమె జబ్బు తెల్లబట్ట. దురద, మంట, నడుం నొప్పి. గవర్నమెంటు ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు రాసింది, తగ్గలేదు. మళ్ళీ రాసింది, తగ్గలేదు. మా ప్రాంతంలో ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. ఊళ్ళో సూదులు పొడిచే ఆయన, బిళ్ళలకు లొంగనిది గర్భసంచిలోనే ఉందని తేల్చాడు. తీసేస్తే పీడా పోతుందన్నాడు. తనకు తెలిసిన నర్సింగ్ హోమ్ ఉందన్నాడు. అత్త ఒప్పుకుంది, మొగుడు ఒప్పుకున్నాడు. చేలో ఒక మనిషి తగ్గకూడదు గనక కోతలు అయ్యాక పెట్టుకుందామన్నారు. ఆ రోజుల్లో మిరప చేలల్లో ఎంతమంది ఆడవాళ్ళు ముప్పై దాటకుండానే ఆ కోత కోయించుకుని వచ్చి, మళ్ళీ కాయలు కోశారో నాకు తెలుసు. వాళ్ళకు నడుం నొప్పి బిళ్ళలు ఇచ్చింది మా షాపే.

ఆమె ఆ సంగతి చెప్పిన రోజు జామకాయలు తేలేదు. స్టూలు మీద కూర్చుని కాసేపు గోళ్ళు చూసుకుంది.

"నాకు ఇంకో బిడ్డ కావాలక్కా. ఆడైనా మగైనా నాకొకటే. ఆ మాట ఇంట్లో ఎట్టా అనేది? జబ్బు మనిషివి, నీకు బిడ్డ ఎందుకంటారు" అంది.

పిల్లలు లేరని గుమ్మం దగ్గర దింపిన మనిషి గుర్తొచ్చాడు. కానీ నేనేం చెప్పగలను? నేను మందులిచ్చేదాన్నే గానీ జబ్బు తేల్చేదాన్ని కాదు. ఊరుకోలేక, అసలు ఏ మందు వాడుతున్నావో చూపించమన్నాను. ఆమె నడుం సంచిలోంచి మడతలు పడ్డ చీటీ తీసింది.

చీటీలో తప్పు లేదు. డాక్టరమ్మ శుభ్రంగా రాసింది. Tab, మందు పేరు, దాని పక్కన P/V, రాత్రి పడుకునే ముందు. దాని కింద Oint, L/A, ఆలుమగలిద్దరికీ అని. P/V అంటే ఆడవాళ్ళు లోపల పెట్టుకునే మందు. నోటికి సంబంధం లేదు. బిళ్ళ ఆకారంలో ఉంటుంది గనక ముందు Tab అనే రాస్తారు, ఎటు వెళ్ళాలన్నది ఆ వెనక ఉన్న రెండక్షరాలు చెబుతాయి. మంచి మందే. ఇన్నిసార్లు వాడితే కాస్తయినా గుణం కనిపించాలి.

"మందు బాగానే ఉందే, ఎందుకు తగ్గలేదు?" అన్నాను.

"ఏమోనక్కా. రోజూ మానకుండా వేసుకుంటన్నా. నోరంతా సుద్ద తిన్నట్టుంటది. పొద్దున లేస్తే ఒకటే వికారం" అంది.

నేను చీటీ మీంచి తలెత్తాను. సుద్ద నోట్లోకి ఎందుకొచ్చింది? ఆ బిళ్ళల పెట్టెలో పెట్టుకోవడానికి ఒక తెల్ల ప్లాస్టిక్ పుల్ల కూడా వస్తుంది, అదేదని అడిగాను. పుల్ల ఏందక్కా అంది. లేచి వెళ్ళి మా యజమాని డ్రాయరు లాగాను. రబ్బరు బ్యాండ్ల కింద, విరిగిన పెన్నుల మధ్య ఆ తెల్ల పుల్లలు కుప్పగా ఉన్నాయి. పెట్టె విప్పి బిళ్ళలు కత్తిరించి విడిగా అమ్మేటప్పుడు పుల్లను, లోపలి కాగితాన్ని పక్కన పడేసేవాడు. మొగుడికి చీటీ చేతికిస్తూ ఏమని చెప్పి ఉంటాడో నాకు చెవుల్లో వినబడింది. రాత్రికి ఒకటి వేసుకోమను. ఆ మాటలో ఆయనకు తప్పేమీ కనిపించి ఉండదు. ఇంకోలా చెప్పాలంటే ఇంకో మగాడి ముందు అతని పెళ్ళాం ఒంటి గురించి మాట్లాడాలి. ఈ ఒక్క మందుకు ఆయన చెయ్యి ఏ సైగా చేసి ఉండదు.

ఇప్పుడు నేను చెప్పాలి. చదివిన చదువులో ఆ చోటుకు ఇంగ్లీషు పేరుంది, లాటిన్ పేరుంది. తెలుగులో చెప్పబోతే నా నోట్లో ఉన్నవన్నీ తిట్లే. తిట్టడానికి వాడే మాటతో మందెలా చెప్పను? బస్టాండులో జనం, ఎదురుగా సోడాబండి. ఆమెను అరల వెనక్కి పిలిచి, పుల్ల చివర బిళ్ళ ఎలా పట్టించాలో చూపించి, పడుకుని మోకాళ్ళు ముడుచుకోమని, కింద, బిడ్డ పుట్టిన దారిలో పెట్టుకోవాలని, తెల్లారేదాకా లేవకూడదని చెప్పాను.

ఆమె పుల్ల వంక, నా వంక చూసింది.

"మింగేది కాదా అక్కా?"

"కాదు."

ముందు నవ్వింది. నేనూ నవ్వాను. మరి ఆ పూత మందు ఏం చేశావంటే, అది రాసుకునేదని విన్న అత్త, కాళ్ళ పగుళ్ళకు రాసుకుని ట్యూబు పిండేసిందట. పగుళ్ళు తగ్గాయట కూడా. ఇద్దరం అరకు ఆనుకుని, బయటికి వినబడకుండా నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వాం. నవ్వుతూనే ఆమె ఏడవడం మొదలుపెట్టింది. ఎక్కడ నవ్వు ఆగి ఏడుపు మొదలైందో నాకు తెలియలేదు.

"మింగద్దని ఒక్కళ్ళూ చెప్పలా. నా సంచి కోసేదాకా వచ్చారు గానీ, ఒక్కళ్ళూ చెప్పలా" అంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి మాటే లేని చోట ఏం చెయ్యాలో ఆ సామెత చెప్పిన పెద్దలు చెప్పలేదు. నాకు అందరి మీదా కోపం వచ్చింది. మా యజమాని మీద, ఆ సూదులాయన మీద, పురాణాలన్నీ చెప్పుకున్నా ఆడదాని ఒంటికి ఒక మర్యాదైన మాట పెట్టుకోలేని మన భాష మీద.

మర్నాడు మధ్యాహ్నం షాపు మా యజమానికి అప్పగించి, ఆమెను డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆసుపత్రి వరండా నిండా జనం. మా వంతు వచ్చాక ఆమె బదులు నేనే చెప్పాను. డాక్టరమ్మ చీటీ చేతిలో పట్టుకుని తను రాసిన ఆ రెండక్షరాలనే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి పరదా లాగి ఆమెను పరీక్ష చేసింది. గర్భసంచికి ఏమీ కాలేదని, ఉన్నది పైపైన ఇన్‌ఫెక్షనేనని, మందు ఇన్నాళ్ళూ అసలు పడనే లేదని చెప్పింది. కొత్త చీటీ రాసింది. Tab, P/V అని రాసి, కింద తెలుగులో 'మింగరాదు, లోపల పెట్టుకోవాలి' అని గీత కొట్టి రాసింది. మొగుడు వస్తే తన దగ్గరికి పంపమంది.

ఈ తెలుగు చీటీ ఇంట్లో చూస్తే ఇన్నాళ్ళూ మింగిందని తెలిసిపోతుంది, నవ్విపోతారని ఆమె బెదిరింది. కోడలు బిళ్ళ మింగిందన్న కథ ఆ ఊళ్ళో మూడు తరాలు చెప్పుకుంటారు. డాక్టరమ్మకు అర్థమైంది. మొగుడు వచ్చినప్పుడు ఆ ఊసే ఎత్తలేదట. మందు మార్చాను, ఇది వాడి చూడందే కత్తి పెట్టనివ్వను అందట. ఆ చీటీ నా దగ్గరే ఉంచుకుని, బిళ్ళలు, పుల్ల, ఇద్దరికీ పూత మందు పొట్లం కట్టి ఆమెకే ఇచ్చాను. ఈసారి ఆ పూత అత్త కాళ్ళకు పోకుండా చూసుకోమన్నాను.

కోతలు అవుతున్న రోజులవి. కళ్ళాలన్నీ ఎర్రగా ఉన్నాయి, గాలి వీస్తే ఊరంతా దగ్గేది. నర్సింగ్ హోమ్‌కు వెళ్ళే రోజు దగ్గర పడుతోంది. మందు పని చేస్తుందో లేదో, ఈలోపు ఇంట్లోవాళ్ళు బలవంతాన బండి ఎక్కిస్తారో ఏమోనని నాకు అన్నం సహించేది కాదు. ఒక మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. కౌంటరు మీద నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"తగ్గిందక్కా. రాత్రి నిద్ర పట్టింది. ఆపరేషన్ వద్దన్నాడు మా ఆయన" అంది.

ఆ మాట చెప్పి, బస్సు కదులుతోందని పరుగెత్తింది. నేను లోపలికి వెళ్ళి, ఆ రోజు నవ్వుకున్న చోటే నిలబడి కాసేపు ఏడ్చాను. సంతోషమే.

తర్వాత ఆమె రాలేదు. రాకపోవడం న్యాయమే. మందుల షాపుకు బాగైనవాళ్ళు ఎందుకొస్తారు? అది బుర్రకు తెలుసు. కానీ బస్సు ఆగినప్పుడల్లా తల దానంతట అదే లేచేది. సంతకు వచ్చే ఆడవాళ్ళలో వెతికేదాన్ని. రేగుపళ్ళ కాలం వచ్చింది, పోయింది. కొన్నాళ్ళకు కోపం వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేసిందనుకున్నాను. మళ్ళీ నన్ను నేనే తిట్టుకున్నాను, ఆమెకు జబ్బు తిరగబెట్టి వస్తే నీకు కావలసింది అదా అని. నిజం చెప్పొద్దూ, ఒకటి రెండు ఆదివారాలు కావలసింది అదేననిపించింది.

మరుసటి మిరపకోతలప్పుడు వచ్చింది. మా యజమాని షాపులో లేడు. పక్కన ఒక పెద్దావిడ, మోకాళ్ళు పట్టుకుని మెట్టెక్కింది. ఆ నడక, ఆ మూలుగు నేను ఎన్నిసార్లు చూశానో, ఆమె చేసి చూపిస్తే. అత్తే. వెనక ఆమె, ఒళ్ళు చేసి, నింపాదిగా నడుస్తోంది. పొట్ట తెలుస్తోంది.

నేను లేచి నిలబడ్డాను. నోటిదాకా వచ్చిన పలకరింపు ఆమె కళ్ళు చూసి ఆగిపోయింది. ఆ కళ్ళు నన్ను ఎరగవు. చీటీ కౌంటరు మీద పెట్టి, బస్టాండు వైపు తిరిగింది. ఇక్కడికి ఒంటరిగా వచ్చేదని, నాతో కూర్చునేదని, ఇంటి గుట్టు, ఒంటి గుట్టు నాకు చెప్పుకుందని ఆ పెద్దావిడకు తెలియకూడదు. తెలిస్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకన్నదానికి జవాబు ఆ బిళ్ళ దగ్గరికి వెళ్తుంది.

అత్త నా మొహం, కోడలి మొహం చూసింది. "ఏమే, ఈ అమ్మాయి నిన్ను ఎరిగినట్టు చూస్తంది?" అంది.

"నాకేం తెలుసత్తా. మందులమ్మే ఆమెగా, అందర్నీ అట్టాగే చూస్తది."

చీటీలో రక్తం పట్టడానికి Tab, బలానికి Syp. కొత్త మనిషికి చెప్పినట్టు చెప్పాను. బిళ్ళ రోజుకొకటి, అన్నం తిన్నాక. సీసా మందు రెండు చెంచాలు. ఆమె బుద్ధిగా తలూపుతూ విన్నది. సంచి అందుకుంటూ, నా మొహంలోకి కాక గాజు పెట్టెలోకి చూస్తూ అడిగింది.

"ఇది మింగేదేనాండీ?"

"మింగేదేనమ్మా."

"బిళ్ళ మింగక ఏం చేస్తారే పిచ్చిమొగమా" అని అత్త కసిరింది.

ఆమె పెదవి చివర ఒక్క క్షణం వణికింది. మెట్టు దిగి, అత్త చెయ్యి పట్టుకుని దింపి, బస్సెక్కింది. నాకు నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాలనిపించింది. ఆ నవ్వు ఎందుకో తెలిసిన మనిషి ఆ ఊరు మొత్తానికి ఒక్కతే, ఆమె అండీ అని వెళ్ళిపోయింది.